మైకు అందుకున్న తోడి పెళ్లికొడుకు

మా పక్కింటి వదిన నవల రాస్తున్న సంగతి ఈ వీధిలో అందరికీ తెలుసు. 1986 నాటి ఉస్మానియా హాస్టళ్లు, తార్నాక చౌరస్తా, లాలాగూడ రైల్వే క్వార్టర్లు, వీటి మధ్య నడిచే ప్రేమ కథ. పెళ్లి దాకా ఆపకుండా రాశారు, పెళ్లి దగ్గర బండి ఆగింది. మొన్న గోడ మీద కరివేపాకు రెబ్బతో పాటు కాగితాల కట్ట కూడా అందించి, "వదినా, ఇది చదివి నవ్వొస్తే నవ్వొచ్చిందని చెప్పండి, రాకపోతే ఎందుకు రాలేదో చెప్పండి" అన్నారు. జన్మంతా తెలుగు పాఠాలు చెప్పినదాన్ని, నన్ను అడగడమే చాలు. అప్పటి నుంచి రోజూ సాయంత్రం మా ఇద్దరి మాటలూ ఆ ఒక్క అధ్యాయం చుట్టే తిరుగుతున్నాయి.

ఆ అధ్యాయంలో ఏముందో ముందు చెప్పాలి. పెళ్లికొడుకు పాలమూరు నుంచి వచ్చి యూనివర్సిటీలో రీసెర్చి చేస్తున్న కుర్రాడు. పెళ్లికూతురిది లాలాగూడ వర్క్‌షాపు వాళ్ల కుటుంబం, తాతల నాటి నుంచి క్రైస్తవులు. పొద్దున చర్చిలో పెళ్లయింది. సాయంత్రం తార్నాకలో అమ్మాయి మేనమామ ఇంటి ఆవరణలో షామియానా వేసి విందు పెట్టారు. అబ్బాయి తరఫున వచ్చినవాళ్లు హాస్టలు స్నేహితులు మాత్రమే. తండ్రి రానన్నాడు. ఆ విందులో పెళ్లికొడుకు రూమ్మేటు, వరంగల్ వాడు, తోడి పెళ్లికొడుకు హోదాలో లేచి నాలుగు మాటలు చెప్పి గ్లాసెత్తాలి. ఆ నాలుగు మాటలూ ఎక్కడెక్కడికో పోయి ఊళ్లన్నీ తిరిగొస్తాయి. సీను మొత్తం అదే.

"అసలు హిందూ కుర్రాడికి చర్చిలో పెళ్లి చేస్తారా?" అని వదినకు మొదట సందేహం. చట్టం అడ్డు లేదు. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం ఇద్దరిలో ఒకరు క్రైస్తవులైనా సరిపోతుంది. చర్చి ఒప్పుకోవడం మాత్రం ఆ చర్చిని బట్టి, ఆ పాదిరిగారిని బట్టి ఉంటుంది. రిజిస్టర్లో సాక్షులు సంతకాలు పెట్టాలి. ఉంగరం జేబులో పెట్టుకుని పెళ్లికొడుకు పక్కన నిలబడేది, సాక్షి సంతకం పెట్టేది సాధారణంగా ఈ స్నేహితుడే. మన పెళ్లిళ్లలో తోడి పెళ్లికొడుకంటే కొత్త బట్టలు తొడుక్కుని పల్లకిలో పక్కన కూర్చునే చిన్నపిల్లవాడు. వాడికి మాట్లాడే పని లేదు. వరంగల్ కుర్రాడికి తెలిసింది ఆ పద్ధతే. ఉంగరం జేబులో పెట్టుకోవడంతో తన పని అయిపోయిందనుకున్నాడు. మైకు చేతికొచ్చేదాకా మాట్లాడాలని వాడికి తెలియదు.

లాలాగూడ, మెట్టుగూడ వైపు రైల్వే కుటుంబాల్లో, ముఖ్యంగా ఆంగ్లో ఇండియన్ ఇళ్లలో, ఈ టోస్టు పద్ధతి బాగా నడిచింది. కేకు కోస్తారు, అందరి చేతికీ చిన్న గ్లాసు ఇస్తారు, అందులో ఇంట్లో చేసిన ద్రాక్ష వైనో అల్లం వైనో, అది పడనివాళ్లకు రంగు షర్బతో పోస్తారు. రెండు కుటుంబాలనూ ఎరిగిన పెద్ద మనిషి లేచి దంపతుల గురించి నాలుగు మంచి మాటలు చెప్పి గ్లాసెత్తుతాడు. అందరూ లేచి ఒక గుక్క తాగుతారు. పెళ్లికొడుకు జవాబు చెప్తాడు, తర్వాత భోజనాలు. తోడి పెళ్లికొడుకు మాట్లాడటం పాత ఇంగ్లీషు ఆచారం. అందులోనే ఊళ్ల నుంచి వచ్చిన టెలిగ్రాములు చదివే పని కూడా అతనికే పడేది.

వదిన మొదటి ప్రతిలో ఆ కుర్రాడు లేచి ఆరు పేజీలు ఆపకుండా మాట్లాడాడు. హాస్టలు, మెస్సు, పరీక్షలు, ఒకదాని తర్వాత ఒకటి జోకులు. మూడో పేజీకి నాకు నవ్వు తగ్గింది, ఐదో పేజీలో ఇంకెన్ని పేజీలున్నాయో తిరగేసి చూశాను. తిరగేశానంటే సీను నా చేతిలోంచి జారిపోయిందన్నమాటే. ఇలాంటి సీనుకు అదే గుర్తు. జోకు బాగుందా లేదా అని వెతకడం తర్వాతి పని.

"జోకులు బాగాలేవా?" అన్నారు వదిన.

"జోకులు బాగున్నాయి వదినా. అతను ఎందుకు ఆపట్లేదో నాకు తెలియలేదు" అన్నాను.

దాని గురించే మేము రెండు సాయంత్రాలు మాట్లాడుకున్నాం. పెళ్లిలో నిజంగా ఒకడు దారి తప్పి మాట్లాడుతుంటే జనం భరిస్తారు. ఎదురుగా మనిషి ఉన్నాడు, భోజనాలు రావాలి, పిల్లలు పరుగెత్తుతున్నారు, చూడటానికి ఏదో ఒకటి ఉంటుంది. పుస్తకంలో పాఠకుడి ముందు ఆ మాటలు తప్ప ఏమీ లేవు. అందుకని షామియానా కింద ఉన్నవాళ్లకు దారి తప్పినట్టు కనిపించే ఉపన్యాసం, పాఠకుడికి మాత్రం ఎటు పోతోందో తెలిసేలా ఉండాలి. మాట్లాడేవాడు దేన్నో దాటవేస్తున్నాడు, లేదా దేనికోసమో సమయం సాగదీస్తున్నాడు. అది పాఠకుడికి ముందే తెలియాలి, అతిథులకు తెలియకూడదు. అప్పుడు ప్రతి పక్కదారీ పాఠకుడిలో ఆత్రాన్ని పెంచుతుంది, అతిథుల్లో విసుగును పెంచుతుంది. నవ్వు ఆ రెంటి మధ్యనే పుడుతుంది.

ఈ పని ఎంత బాగా చేయొచ్చో చూడాలంటే వుడ్‌హౌస్ 1934లో వేసిన 'రైట్ హో, జీవ్స్' చూడాలి. అందులో గస్సీ అనే పిరికి మనిషి, నారింజ రసంలో ఎవరో కలిపిన మందు కూడా కడుపులో పడ్డాక, ఒక ఊరి బడిలో బహుమతులు ఇవ్వడానికి లేస్తాడు. ఉపన్యాసం ఎటుపడితే అటు పోతుంది. కథ చెప్పే బెర్టీ ఆ జనంలోనే వెనక నిలబడి చూస్తుంటాడు, గస్సీ నోట తన పేరు ఎప్పుడొస్తుందో అని వణుకుతుంటాడు. మనం గస్సీ మాటలు వింటూ బెర్టీ భయాన్ని చూస్తుంటాం. 2014లో వచ్చిన 'షెర్లాక్' సీరియల్లో ఒక భాగమైతే దాదాపు మొత్తం తోడి పెళ్లికొడుకు ఉపన్యాసం మీదే నిలబడింది. అతను టెలిగ్రాములు చదువుతాడు, పాత కేసుల కథలు చెప్తాడు, ఆ కథల్లోంచే ఈ పెళ్లిలో ఒకరి ప్రాణం మీదికి వచ్చిందని మాట్లాడుతూ మాట్లాడుతూ కనిపెడతాడు. ఇక ఆపలేడు. ఆపితే మనిషి పోతాడు. మందు ఒకచోట, హత్య ఒకచోట. రెండు చోట్లా ఉపన్యాసం ఆగకపోవడానికి కారణం ఉంది.

మన కుర్రాడికి మందూ వద్దు, హత్యా వద్దు. "అబ్బాయి తండ్రి రాలేదన్నారు కదా వదినా, ఆయన బయల్దేరితే?" అన్నాను. వదిన గోడ మీద మోచేతులు ఆనించి కాసేపు చూసి, "మేనమామ ఇంజను డ్రైవరు కదా!" అన్నారు. అంతే, అక్కడి నుంచి అధ్యాయం మళ్లీ పరుగెత్తింది.

అమ్మాయి మేనమామ రిటైరైన ఇంజను డ్రైవరు. కంట్రోలు రూములో ఇంకా తెలిసినవాళ్లున్నారు. సాయంత్రం ఆరింటికి కబురు వచ్చింది. పాలమూరులో పెళ్లికొడుకు తండ్రి మనసు మార్చుకుని కాచిగూడ ప్యాసింజరు ఎక్కాడు, బండి నలభై నిమిషాలు లేటు. పెళ్లికొడుక్కి చెప్తే ఆశపడతాడు, రాకపోతే కుంగిపోతాడు. అందుకని చెప్పలేదు. కేకు కోయడం అయిపోయింది, వంటవాళ్లు గిన్నెలు మోగిస్తున్నారు, భోజనాలకు లేస్తే ఇక సభ ఉండదు. తండ్రి ఒక్కడే చీకట్లో వచ్చి ఎంగిలి విస్తళ్ల మధ్య నిలబడాల్సి వస్తుంది. మేనమామ వరంగల్ కుర్రాణ్ణి పందిరి గుంజ చాటుకు లాగి చేతిలో మైకు పెట్టి, "బండి లేటు. నేను గడియారం చూసి చెయ్యి ఎత్తేదాకా నువ్వు ఆపొద్దు" అన్నాడు. పాఠకుడికి తెలియాల్సింది ఇంతే, అరపేజీ. ఆ తర్వాత కుర్రాడు ఏం మాట్లాడినా మన కన్ను గేటు మీదే ఉంటుంది.

ఇక ఆ కుర్రాడు ఏం మాట్లాడతాడు? దారి తప్పడానికైనా ఒక పట్టా ఉండాలి. లేకపోతే రాసేవాళ్లు కూడా తప్పిపోతారు. వాడికి టోస్టు తెలియదు. పెళ్లిలో మైకు పట్టుకుని మాట్లాడటం అంటే వాడు చూసింది ఒక్కటే, చదివింపులు. మీరూ విన్నారు కదా, తలంబ్రాలయ్యాక పందిట్లో ఒకాయన పుస్తకం ముందేసుకుని, మేనమామగారు ఇంత, బాబాయిగారు ఇంత అని నూట పదహార్ల లెక్క మైకులో చదువుతూనే ఉంటాడు. దానికొక రాగం ఉంటుంది, మధ్యలో ఎవరో వచ్చి తన పేరు తప్పు చదివారని గొడవ పెట్టుకుంటారు. వరంగల్ కుర్రాడు చేతికందిన కాగితాన్నే చదివింపుల పుస్తకంలా పట్టుకుని టోస్టును ఆ అచ్చులో పోసేశాడు. వదిన ఇలా రాశారు, ఆవిడ అనుమతితోనే ఇక్కడ పెడుతున్నాను:

"అందరికి నమస్తే. నాకు గీ గ్లాసు ఎందుకిచ్చిన్రో సమజ్ కాలె. ఇచ్చిన్రు కాబట్టి పట్టుకున్న. మా దిక్కు పెండ్లిల మైకు చేతికిస్తే కట్నాలు సదువుతరు. నేను గూడ అదే సదువుత. మొదటిది. పెండ్లికొడుకు రూమ్మేటు, అంటె నేనే, సైకిలు ఒకటి. ఇయ్యలె, ఆయననే తీస్కపోయిండు. రెండేండ్లాయె. బెల్లు మాత్రం వాపస్ ఇచ్చిండు."

ఆ బెల్లు దగ్గర నేను గట్టిగా నవ్వాను. మా ఇంటాయన లోపలి నుంచి ఏమైందని అడిగారు. నవ్వు ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. సైకిలు పోయింది అంటే మామూలు మాట. బెల్లు మాత్రం వచ్చింది అనగానే ఆ సైకిలుకు ఏమైందో మనమే ఊహించుకోవాలి. అందుకే ఇలాంటి మాటలో హాస్యం చివరి పదం మీద కూర్చోవాలి. వదిన మొదట "బెల్లు వాపస్ ఇచ్చిండు, సైకిలు మాత్రం ఇయ్యలె" అని రాశారు. అదే విషయం, అవే పదాలు, నవ్వు రాలేదు. సైకిలు పోయిందని ముందే తెలిశాక మళ్లీ దాంతోనే వాక్యం ముగిస్తే చెవికి కొత్తగా అందేది ఏముంటుంది?

ఈ చదివింపుల పద్ధతికి ఇంకో లాభం ఉంది. ప్రతి వస్తువూ ఒక కథ. సైకిలు ఎటు పోయింది? హాస్టలు నుంచి తార్నాక మీదుగా లాలాగూడ గేటు దాకా రోజూ పోయింది. రెండోది గొడుగు. జులై వానల్లో తార్నాక బస్‌స్టాపులో ఎవరికో ఇచ్చి తను తడిసి వచ్చిన రోజు, రూములో ఆరేసిన బట్టల నీళ్లు రూమ్మేటు నోట్సు మీద కారాయి. మూడోది లైబ్రరీ పుస్తకం. రూమ్మేటు కార్డు మీద తీసుకున్నాడు, అది తిరిగి రాలేదు, జరిమానా నోటీసు మాత్రం రూమ్మేటు పేరు మీద వచ్చింది. కుర్రాడు తను పోగొట్టుకున్నవి చదువుకుంటూ పోతున్నాననుకుంటున్నాడు. పాఠకుడికి మాత్రం ఆ వస్తువుల వెంట ప్రేమ కథ మొత్తం తెలుస్తోంది. మూడూ ఒకే ఇంటికి చేరాయి. రెండోదాని దగ్గర పెళ్లికూతురి తల్లి ముందు వరసలోంచి, "నల్ల గొడుగా? కర్ర పిడి ఉంటుంది, అదేనా? అది మా ఇంట్లో ఉంది కదా!" అంటుంది. షామియానా అంతా ఘొల్లుమంటుంది. పెళ్లికూతురు ముఖం దించుకుంటుంది.

ఇక్కడ వదినకూ నాకూ చిన్న వాదన. మొదటి ప్రతిలో ఆ కుర్రాడు పెళ్లికూతురి మీద కూడా రెండు జోకులు వేశాడు, ఆమె వంట మీద ఒకటి, ఆమె తెలుగు మీద ఒకటి. తీసేయమన్నాను. ఇలాంటి ఉపన్యాసంలో నష్టపోయేవాడు మాట్లాడేవాడే కావాలి. కొంత పెళ్లికొడుకు మీదకు పోవచ్చు, వాళ్లిద్దరూ నాలుగేళ్లు ఒకే గదిలో పడుకున్నారు, ఆ హక్కు ఉంది. అమ్మాయి మీద ఆ హక్కు లేదు. అది మర్యాద సంగతి. సీను సంగతి చూసినా, ఆమె మీద వేసిన జోకుతో అటువైపు వరసలన్నీ బిగుసుకుంటాయి, తర్వాత వాళ్లను నవ్వించడానికి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. వదిన ఒప్పుకుని ఆ రెండు జోకులూ కొట్టేశారు. ఆ చోటే తల్లి గొడుగు మాట వచ్చి చేరింది.

కొట్టేయాల్సింది ఇంకొకటి ఉంది, అది కొట్టేయడానికి వదినకు ప్రాణం ఒప్పలేదు. కుర్రాడు ఆర్ట్స్ కాలేజీ గురించి ఒక పేరా మాట్లాడాడు. గులాబి రంగు రాయి, 1939 డిసెంబరులో నిజాం చేతుల మీద ప్రారంభం, బెల్జియం నుంచి వచ్చిన జాస్పర్ గీసిన నమూనా. అన్నీ నిజాలే, వదిన ఇష్టంగా సేకరించుకున్నవే. కానీ వరంగల్ నుంచి వచ్చి, మెస్ బిల్లు కట్టలేక తిప్పలు పడే కుర్రాడు స్నేహితుడి పెళ్లిలో జాస్పర్ పేరు ఎత్తుతాడా? వాడికి ఆ కట్టడం అంటే మెట్లు. ఏ మెట్టు మీద సాయంత్రం నీడ ముందు పడుతుంది, ఏ మెట్టు మీద కూర్చుంటే మెయిన్ రోడ్డు మీద లేడీస్ హాస్టలు వైపు పోయేవాళ్లు కనిపిస్తారు, అదీ వాడికి తెలిసిన ఆర్ట్స్ కాలేజీ. "ఆ మెట్ల మీద వీడు నాకు మూడు సార్లు థీసిస్ సదివి వినిపిచ్చిండు. మూడు సార్లు గూడ నేను నిద్రపోయిన. వీడు ఆపలె." ఇంత చాలు. జాస్పర్ గురించిన పేరా నవలలో వేరేచోట, ప్రొఫెసరు మాటల్లో పెట్టుకున్నారు.

మాండలికం సంగతి కూడా చెప్పాలి, దాని మీద చాలాసేపు నడిచింది మాకు. వదినది గోదావరి వైపు పుట్టుక, నలభై ఏళ్లుగా తార్నాకలోనే ఉన్నా తెలంగాణ మాట రాయడానికి జంకుతారు. మొదటి ప్రతిలో ప్రతి మాటనూ యాసలో వంచారు, చదువుతుంటే ఆ కుర్రాడు సినిమాలో హాస్యగాడిలా వినిపించాడు. యాస నవ్వు పుట్టించే వస్తువు కాదు, వాడు మాట్లాడే భాష. క్రియల చివరలు, ఇచ్చిన్రు, పోయిండు, సదువుత, ఇవి సరిగా పడితే చెవికి వరంగల్ వినిపిస్తుంది. మిగతా పదాలను వాటి మానాన వదిలేయాలి. సరిగా పడిందో లేదో తెలుసుకోవడానికి మా దగ్గర ఒక దారుంది. మా ఇంట్లో పనికి వచ్చే అమ్మది జనగామ. ఆమెకు చదివి వినిపించాం. మాటల మీద నవ్వకుండా సైకిలు మీద నవ్వింది. అప్పుడు వదినకు ధైర్యం వచ్చింది. ఒక్కచోట మాత్రం ఆపి, "గట్ల అనరమ్మా" అని దిద్దింది. దిద్దిన మాటే ఉంచాం.

ఇక పేజీ మీద ఆ ఉపన్యాసాన్ని ఎలా నిలబెట్టాలి? నేను వదినకు చెప్పింది ఇది. మాట్లాడేవాడి మాటలు ఎక్కడా అరపేజీకి మించి ఒక్క ధారగా పోకూడదు. మధ్యలో వినేవాళ్లు రావాలి. అలాగని పది ముఖాలు తిప్పి చూపిస్తే ఏ ముఖమూ గుర్తుండదు. మూడు చాలు. గడియారం చూస్తున్న మేనమామ ఒకడు. గొడుగు తల్లి ఒకామె. గరిటె పట్టుకుని షామియానా అంచున నిలబడ్డ వంటమనిషి మూడోవాడు. అతనికి బిర్యానీ చల్లారుతోంది. మొదటి వస్తువు దగ్గర అతను కసురుకుంటాడు, రెండోదాని దగ్గర గరిటె దించుతాడు, మూడోదాని దగ్గర కుర్చీ లాక్కుని కూర్చుంటాడు. ఉపన్యాసం సభను గెలిచిందని రచయిత్రి ఎక్కడా చెప్పక్కర్లేదు. వంటమనిషి కూర్చున్నాడంటే గెలిచినట్టే.

కొంత ఉపన్యాసం చెప్పకుండా దాటేయాలి కూడా. పరీక్ష ఫీజు కథ, మెస్సు కథ, ఇవి వదిన పూర్తిగా రాశారు. ఇప్పుడు ఒక్క వాక్యంలో ఉన్నాయి: "పరీక్ష ఫీజు కథ చెప్పేసరికి మేనమామ గడియారం మూడు సార్లు చూశాడు, చెయ్యి ఎత్తలేదు." సమయం గడిచిందని పాఠకుడు నమ్ముతాడు, అలసిపోడు. సమయం సాగదీయడం కుర్రాడి అవసరం. దాన్ని పాఠకుడి నెత్తిన మొత్తం రుద్దక్కర్లేదు.

నాలుగో వస్తువు దగ్గరికి వచ్చాం. అది గొంగడి. పాలమూరు గొంగడి సంగతి మీకు తెలుసు, నల్లగొర్రె ఉన్నితో నేసింది, చలికీ వానకీ అదే. హాస్టల్లో చేరిన మొదటి ఏడాది డిసెంబరులో తండ్రి దాన్ని భుజాన వేసుకుని వచ్చాడు, కొడుకు క్లాసులో ఉంటే రూమ్మేటు చేతికిచ్చి వెంటనే వెళ్లిపోయాడు. కొడుకు గొంగడి కప్పుకోలేదు, స్నేహితులు నవ్వుతారని. ఆ నాలుగు చలికాలాలూ దాన్ని కప్పుకున్నది వరంగల్ వాడే. ఇక్కడికి వచ్చేసరికి కుర్రాడి దగ్గర జోకులు అయిపోయాయి. చెయ్యి ఇంకా లేవలేదు. వాడికి మిగిలింది నిజం ఒక్కటే, అది చెప్పడం మొదలుపెట్టాడు.

వదిన మొదట రాసింది ఏమిటంటే, ఉపన్యాసం పూర్తయ్యాక తండ్రి గేటు తోసుకుని వస్తాడు, కొడుకు పరుగెత్తి కాళ్ల మీద పడతాడు, అందరూ కళ్లు తుడుచుకుంటారు. అలాంటి తండ్రులు మన సినిమాల్లో ఎంతమంది వచ్చారో! పైగా ఉపన్యాసం ఒక పక్క, తండ్రి ఒక పక్క ఉండిపోయారు. ఒకటి ఆగాకే రెండోది మొదలైంది. ఇంతసేపు నవ్వించిన చదివింపులు అక్కడితో పనికిరాకుండా పోయాయి.

"ఆయన్ని మధ్యలోనే రానివ్వండి వదినా" అన్నాను. "కుర్రాడు కాగితం చూసి మాట్లాడుతున్నాడు, వాడికి కనబడడు. మేనమామ చెయ్యి ఎత్తాడు, అదీ కనబడలేదు. ఇక మాట్లాడక్కర్లేదు, అయినా మాట్లాడుతున్నాడు. జనం అందరూ గేటు వైపు చూస్తున్నారు. వాడొక్కడే చూడలేదు."

వదిన ఏమీ అనలేదు. మర్నాడు సాయంత్రం ఈ భాగం అందించారు:

"నాలుగోది గొంగడి. గిది ఇచ్చినాయన ఈడ లేడు. ఆయన పేరు మీద సదవొచ్చునో సదవద్దో నాకు తెల్వది. నాలుగేండ్లు నేను కప్పుకున్న, వాడు కప్పుకోలె. ఆయనకు గది తెల్వది. తెలిస్తె ఏమనుకుంటడో" అని కుర్రాడు కాగితం తిప్పాడు, వెనక ఏమీ రాసి లేదు. తలెత్తేసరికి ఎదురుగా, మైకుకు చేతి దూరంలో, తెల్ల ధోవతి, దుమ్ము పట్టిన చెప్పులు. పెద్దాయన ఇంతసేపూ గేటు దగ్గర నిలబడి విన్నది చదివింపులనే అనుకున్నాడు. మైకులో ఒకడు వరసగా వస్తువులు చదువుతుంటే ఇంకేమనుకుంటాడు? బనీను జేబులోంచి మడత పెట్టిన నోట్లు తీశాడు, పైన ఒక రూపాయి బిళ్ల పెట్టాడు, కుర్రాడి చేతిలో గ్లాసు ఉంది కాబట్టి కాగితం మీద పెట్టాడు. "నాది గూడ సదువు బిడ్డా" అన్నాడు.

కుర్రాడికి చదవక తప్పదు. "పెండ్లికొడుకు నాయన" అని మొదలుపెట్టి, పేరు గొంతులో ఆగి, మళ్లీ మొదటి నుంచి చదివాడు, పేరుతో, ఊరితో, నూట పదహార్లతో. గ్లాసు ఎత్తమని ఎవరూ చెప్పలేదు. మేనమామే ముందు లేచాడు. ఆయన లేచాడని లాలాగూడ వాళ్లందరూ లేచారు, వాళ్లు లేచారని హాస్టలు వాళ్లూ లేచారు. పెళ్లికొడుకు, పెళ్లికూతురు పేర్లు చెప్పడం కుర్రాడు మరిచేపోయాడు.

గోడకు ఇవతల నిలబడి చదివాను, చదవగానే చెప్పేశాను, ఇది మార్చొద్దని. కుర్రాడు మొదట టోస్టు తెలియక చదివింపులు మొదలుపెట్టాడు, అది పొరపాటు, అందుకే నవ్వాం. ఆ పొరపాటును నిజమనుకుని ఒక తండ్రి ముందుకు నడిచి రాగలిగాడు. మామూలు టోస్టే అయితే ఆయన గేటు దగ్గరే నిలబడిపోయేవాడు, గ్లాసులెత్తే సభలో తన పాత్ర ఏమిటో ఆయనకు తెలియదు. చదివింపుల్లో తండ్రి పాత్ర ఏమిటో ఆయనకు బాగా తెలుసు. క్షమాపణ, కోపం, ఒప్పుకోలు, ఏదీ నోటితో చెప్పక్కర్లేదు. పేరు చదివించుకుంటే సరిపోయింది.

ఆ తర్వాత వదిన ఇంకో పేరా రాశారు, తండ్రి మనసు ఎలా మారిందో, ప్యాసింజరులో కూర్చుని ఏమేం తలచుకున్నాడో. అది ఇక్కడ వద్దన్నాను. పాఠకుడు ఇప్పుడు గ్లాసులు పట్టుకుని నిలబడ్డవాళ్లతో ఉన్నాడు, అక్కణ్ణుంచి లాగి రైలులో కూర్చోబెట్టకూడదు. పైగా వరంగల్ కుర్రాడికి ఆ సంగతి తెలియదు, మేనమామకూ తెలియదు. వదిన ఒక రోజంతా ఆలోచించి, ఆ పేరాను రెండు అధ్యాయాల తర్వాతికి జరిపారు. అక్కడ గొంగడి తిరిగి పాలమూరు చేరినప్పుడు తండ్రే కోడలికి చెప్తాడట. కోడలు అడిగితేనే చెప్తాడు, ఊరికే చెప్పడు. ఆ అధ్యాయం ఇంకా రాయాలి.

ఇప్పుడు మా మధ్య తేలనిది ఒక్కటే. పెళ్లికొడుకు జవాబు చెప్పాలి కదా, ఆచారం ప్రకారం. వదిన రెండు పేజీలు రాస్తానంటారు. ఆ నూట పదహార్ల తర్వాత వాడు ఏం మాట్లాడినా తక్కువే అవుతుందని నా వాదన. వంటమనిషి లేచి గరిటె అందుకుని "ఇగ కూసోండ్రి, వడ్డిస్త" అనేస్తే అధ్యాయం అయిపోతుందని చెప్పాను. "పెళ్లికొడుకు నోరు విప్పకుండా పెళ్లి అధ్యాయం ముగిస్తారా ఎవరైనా?" అని వదిన. రేపు రెండు రకాలుగానూ రాసి తెస్తానన్నారు. తెచ్చాక జనగామ అమ్మను కూడా పిలిచి, రెండూ గట్టిగా చదివి చూస్తాం.